చపాట కారానికి వెయిటింగ్ లిస్టు: అమ్మకం మొదలయ్యే ముందు ఆరు వారాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త సరుకు చేతికి రాకముందే, కావాలనుకునే వారి పేర్లు నమోదు చేసుకునే పద్ధతి గురించి వరంగల్, హనుమకొండ ప్రాంతాల చిన్న వ్యాపారులు తరచూ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఆసాంతం ఒకే ఉదాహరణ తీసుకున్నాను. హనుమకొండలో ఒక కుటుంబం ఒక రైతు దగ్గర 3 క్వింటాళ్ల చపాట ఎండుమిర్చి కొని, గిర్నీలో పట్టించి, అర కిలో ప్యాకెట్లుగా ఉగాదికి పది రోజుల ముందు అమ్మకానికి పెట్టాలనుకుంటోంది అనుకుందాం. తొడిమలు, తాలు కాయలు, ఎండలోనూ గిర్నీలోనూ తరిగేది తీసేయగా 250 కిలోల కారం, అంటే 500 ప్యాకెట్లు వస్తాయని, చిరిగిన వాటికి బదులు ఇవ్వడానికి 20 పక్కన పెడితే అమ్మకానికి 480 మిగులుతాయని లెక్క వేసుకుందాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. మీ సరుకుకు మీ అంకెలు వేరుగా ఉంటాయి.

వెయిటింగ్ లిస్టుకూ ముందస్తు ఆర్డరుకూ తేడా ఏమిటి?

ముందస్తు ఆర్డరులో కొనుగోలుదారు డబ్బు చెల్లిస్తారు, మీరు సరుకు ఇవ్వడానికి కట్టుబడతారు. వెయిటింగ్ లిస్టులో వారు "అమ్మకం మొదలైనప్పుడు నాకు ముందుగా చెప్పండి" అని మాత్రమే అంటారు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే ఎక్కువ నష్టాలు వస్తాయి. 900 పేర్లు వచ్చాయని చూసి, 480 ప్యాకెట్లు చాలవనుకుని, అప్పు చేసి మరో రెండు క్వింటాళ్లు కొన్న వారి దగ్గర ఆ కారం వానాకాలం దాకా మిగిలిపోతుంది. గాలి, వెలుతురు, తేమ తగిలిన కొద్దీ కారం రంగు వెలుస్తుంది. చపాటకు ఉన్న పేరే రంగు వల్ల వచ్చింది కాబట్టి ఆ నష్టం మామూలు కారం కంటే దీనికి ఎక్కువ.

జాబితాను ఎన్ని వారాల ముందు తెరవాలి?

తినే సరుకుకు ఆరు వారాలు సరిపోతాయని నా అభిప్రాయం. మూడు నెలల ముందు పేరు ఇచ్చిన వ్యక్తి, అమ్మకం రోజు వచ్చేసరికి తాను పేరు ఇచ్చిన సంగతే మరచిపోతారు. అప్పుడు మీ సందేశం వారికి పిలవని చుట్టంలా కనిపిస్తుంది. మరీ రెండు వారాల ముందైతే జాబితా పెరగడానికీ, సరుకుపై సందేహాలు తీర్చడానికీ వ్యవధి ఉండదు.

మన ఉదాహరణలో జనవరి చివర, అంటే తోటల్లో కాయలు ఏరుతూ ఉండగా, జాబితా తెరుచుకుంటుంది. అందువల్ల ప్రతి వారం చూపించడానికి నిజంగా జరుగుతున్న పని ఒకటి ఉంటుంది. ఒక్క జాగ్రత్త అవసరం: సమ్మక్క సారలమ్మ జాతర జరిగే ఏడాది మాఘమాసంలో ఆ వారాన్ని వదిలేయండి. ఆ రోజుల్లో సగం ఊరు మేడారం దారిలో ఉంటుంది, మిగిలిన సగం వెళ్లివచ్చిన వారి బంగారం, అంటే బెల్లం, పంచుకుంటూ ఉంటుంది. మీ కారం గురించి చదివే తీరిక ఎవరికీ ఉండదు.

పేరు నమోదు చేసే ఫారంలో ఏమేమి అడగాలి?

పేరు, వాట్సాప్ నంబరు, పిన్‌కోడు అడగండి. వాటితోపాటు "మీరు దీన్ని రోజువారీ కూరలకు వాడతారా, తొక్కులకు వాడతారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. పిన్‌కోడు వల్ల ఎంతమందికి చేతికి అందించవచ్చో, ఎంతమందికి ఆర్టీసీ కార్గోలోనో కొరియరులోనో పంపాలో ముందే తెలుస్తుంది. చివరి ప్రశ్నకు వచ్చిన జవాబు అమ్మకం తేదీని కూడా మార్చగలదు. తొక్కు కోసం అడిగిన వారే ఎక్కువగా ఉంటే, వారు నిజంగా కొనేది మామిడికాయ వచ్చే రోజుల్లోనే కాబట్టి, సరుకులో కొంత భాగాన్ని ఏప్రిల్ చివరికి దాచి ఉంచడం మేలు.

"ఈ కారం అమ్మకం గురించిన సమాచారం పంపడానికి అంగీకరిస్తున్నాను" అన్న గడిని ఫారంలో పెట్టండి, దానిపై ముందుగానే టిక్కు ఉంచకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వర్తిస్తుంది. కారం కోసం ఇచ్చిన నంబరుకు మీ బావమరిది ప్లాట్ల ప్రకటన పంపకూడదు. ఇది చట్టం మాట అటుంచి, జాబితాను చంపే అతి సులువైన మార్గం కూడా.

ఇంకొకటి, ఫారం లింకును ఒక్కో చోటికి ఒక్కో రకంగా తయారు చేసుకోండి: కాలనీ వాట్సాప్ గ్రూపుకు ఒకటి, ఇన్‌స్టాగ్రాముకు ఒకటి, అంగడి గోడపై అతికించే క్యూఆర్ కోడుకు ఒకటి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలియకపోతే తరువాత వేసే లెక్కలకు ఆధారం ఉండదు.

సందేశాలు పంపడానికి వాట్సాప్ గ్రూపు మంచిదా, బ్రాడ్‌కాస్టు లిస్టు మంచిదా?

గ్రూపు వద్దు. గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. అదీగాక, నాలుగో రోజుకు శుభోదయం బొమ్మలు మొదలవుతాయి, ఆరో రోజుకు మంచి కొనుగోలుదారులు బయటికి వెళ్తారు.

బ్రాడ్‌కాస్టు లిస్టులో సందేశం ఎవరికి వారికి విడిగా చేరుతుంది, అయితే దీనికి రెండు హద్దులున్నాయి. ఒక లిస్టులో 256 మందికి మించి చేర్చలేరు కాబట్టి 900 పేర్లకు నాలుగు లిస్టులు కావాలి. రెండో హద్దును చాలామంది గమనించరు: మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్న వారికే బ్రాడ్‌కాస్టు సందేశం చేరుతుంది. మీరు పంపారు, వారికి రాలేదు, వారికి ఆసక్తి తగ్గిందని మీరు అనుకున్నారు. జరిగేది ఇదే. అందువల్ల పేరు నమోదైన రోజునే ఒక్కొక్కరికీ విడిగా ఒక సందేశం పంపి, నంబరు సేవ్ చేసుకుని "సరే" అని జవాబివ్వమని కోరండి. వారం తరువాత కూడా జవాబు రాని వారిని వేరే గుర్తుతో ఉంచుకోండి. ఈ పనికి రోజుకు అరగంట పడుతుంది, ఆరు వారాల్లో ఇంతకంటే ఫలితమిచ్చే అరగంట మరొకటి లేదు.

వేల సంఖ్యలో పేర్లున్నప్పుడు వ్యాపార సంస్థల కోసం వాట్సాప్ డబ్బు తీసుకుని ఇచ్చే సేవను వాడుకోవచ్చు. అందులో ప్రచార సందేశాల నమూనాలకు ముందుగా ఆమోదం తీసుకోవాలి. ఎస్సెమ్మెస్ పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ వేదికలో సంస్థ పేరునూ సందేశం నమూనానూ నమోదు చేయించుకోవాలి. 480 ప్యాకెట్ల వ్యాపారానికి ఆ శ్రమ దండగ.

ఆరు వారాల పాటు ఆసక్తి చల్లారకుండా ఏమి పంపాలి?

"త్వరలో వస్తోంది", "ఇంకా ఇరవై రోజులే" అన్న సందేశాలలో చదివేవారికి కొత్త విషయం ఏమీ ఉండదు. ఒకసారి చూస్తారు, రెండోసారి తెరవరు. ఆసక్తి నిలవాలంటే ప్రతి సందేశం సరుకు ఒక అడుగు ముందుకు కదిలిందని చూపించాలి, లేదా కొనేవారి మనసులో ఉన్న ఒక సందేహాన్ని తీర్చాలి. వారానికి ఒకటి, చివరి వారంలో మూడు సరిపోతాయి.

మన ఉదాహరణలో మొదటి వారం తోటలో ఏరుతున్న కాయల వీడియో పంపవచ్చు. కాయ లావుగా, పొట్టిగా, టమాటను పోలి ఉండటం వల్లే దీన్ని టమాట మిర్చి అని కూడా అంటారని, వరంగల్ చపాటకు 2025లో జీఐ గుర్తింపు వచ్చిందని అందులో చెప్పవచ్చు. రెండో వారం అసలు సందేహానికే రావాలి. చపాటకు రంగు ఎక్కువ, కారం తక్కువ. మన ఇళ్లలో కూర ఎర్రగా ఉంటే చాలదు, నోరు మండాలి కూడా. "ఇది చప్పగా ఉంటుందేమో" అన్న అనుమానాన్ని దాచిపెడితే అది అమ్మకం రోజున బయటపడి కొనుగోలును ఆపుతుంది. కాబట్టి ఇంట్లో ఒకే కూరను రెండు గిన్నెల్లో వండి, ఒకదానిలో చపాట మాత్రమే వేసి, మరొకదానిలో మామూలు ఘాటు కారం కలిపి వేసి, మీ ఇంటివారికి ఏది నచ్చిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జవాబులు ఎక్కువగా వచ్చేది ఈ సందేశానికే.

మూడో వారం కల్లంలో ఆరబోసిన కాయలు, తొడిమలు తీయడం, తాలు ఏరివేయడం చూపండి. ఏరివేసిన తాలును పక్కన కుప్పగా పోసి ఫొటో తీస్తే, బజారులో పొడి కొనేటప్పుడు కనిపించని విషయం ఒకటి కళ్లకు కడుతుంది. ధర కూడా ఈ వారమే చెప్పాలని నేను గట్టిగా అంటాను. ధరను చివరి రోజు వరకు రహస్యంగా ఉంచితే ఉత్సుకత పెరుగుతుందని కొందరి నమ్మకం. పెరుగుతుంది నిజమే, కానీ ధర వినగానే వెనక్కి తగ్గేవారు అమ్మకం రోజునే తగ్గుతారు, మీ లెక్కంతా ఆ రోజే తప్పుతుంది. ముందే చెబితే వెళ్లేవారు ముందే వెళ్తారు, మిగిలిన పేర్లు గట్టివి.

నాలుగో వారం మీరు చెప్పడం ఆపి అడగండి: "మీకు ఎన్ని ప్యాకెట్లు కావచ్చు? అంకె ఒక్కటి రాసి పంపండి చాలు." అంకె పంపినంత మాత్రాన కొని తీరాలని లేదని కూడా రాయండి. దీని అవసరం ఏమిటో కింద లెక్కలో తెలుస్తుంది. అయిదో వారం గిర్నీ, ప్యాకింగు. ఆరో వారం అమ్మకం తీరు, సమయం, లింకు.

ఎక్కువమందిని తీసుకొచ్చిన వారిని వరుసలో ముందుకు జరపవచ్చా?

ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలోని రాబిన్‌హుడ్ అనే షేర్ల యాప్. మీ ముందు ఎంతమంది, మీ వెనుక ఎంతమంది ఉన్నారో చూపించి, లింకు పంచుకుంటే ముందుకు జరుపుతామని చెప్పడంతో విడుదలకు ముందే దానికి పది లక్షలకు చేరువగా పేర్లు వచ్చాయి. అయితే అక్కడ సరుకు తరిగేది కాదు, యాప్ ఎంతమందికైనా ఇవ్వవచ్చు. మీ దగ్గర ఉన్నవి 480 ప్యాకెట్లు. మొదటి రోజే నిజాయితీగా పేరు ఇచ్చిన పెద్దావిడను, నలభై నంబర్లు తెచ్చిన కుర్రవాడు దాటిపోతే ఆమెకు కోపం వస్తుంది, ఆ నలభై నంబర్లలో చాలావరకు కొనేవి కావు.

బహుమతి ఇవ్వాలనుకుంటే పేర్లకు కాకుండా కొనుగోళ్లకు ఇవ్వండి. తీసుకొచ్చిన వారిలో ముగ్గురు నిజంగా కొంటే వంద గ్రాముల పొడి ప్యాకెట్టు ఒకటి అదనంగా పంపవచ్చు. వరుసను మాత్రం కదపకండి.

ఆసక్తి చల్లారుతోందని ఎలా తెలుసుకోవాలి?

నీలం టిక్కులను నమ్మకండి, చాలామంది వాటిని ఆపేసుకుంటారు. ప్రతి సందేశానికి ఎంతమంది జవాబు రాశారో ఒక నోటుపుస్తకంలో వారం వారం రాసుకోండి. జవాబుల సంఖ్య కొంత తగ్గడం సహజమే. అడిగే ప్రశ్నల తీరు మారడం అసలు గుర్తు. "కరీంనగర్‌కు పంపుతారా?", "రెండు కిలోలు తీసుకుంటే తగ్గిస్తారా?" అని అడిగే వ్యక్తి మనసులో అప్పటికే కొంటున్నారు. "బాగుంది", దండం బొమ్మ, చప్పట్ల బొమ్మ మాత్రమే వస్తుంటే వారు మిమ్మల్ని మెచ్చుకుంటున్నారే తప్ప కారం కోసం చూడటం లేదు. అలాంటి వారాలు రెండు వరుసగా వస్తే తరువాతి సందేశంలో పొలం ఫొటో మానేసి, మళ్లీ ఒక సందేహాన్ని తీసుకుని జవాబివ్వండి.

900 పేర్లలో ఎంతమంది కొంటారు?

ముందుగా ఎవరూ చెప్పలేరు, కానీ దశలవారీగా తెలుసుకోవచ్చు. నాలుగో వారం ప్రశ్నకు 310 మంది జవాబిచ్చి, అందరూ కలిసి 440 ప్యాకెట్లు కావాలన్నారు అనుకుందాం. చెప్పినవన్నీ కొన్నా 480 దాటదు. అంటే అదనంగా మిర్చి కొనాల్సిన పని లేదని ఏనుమాముల మార్కెట్టుకు వెళ్లకముందే తేలిపోయింది. ఈ ఒక్క జవాబు కోసమే ఆ ప్రశ్న.

ఇక అమ్మకాన్ని ఒకేసారి తెరవకుండా, నమోదైన వరుసలో విడతలుగా తెరవండి. ప్రతి విడతకు సాయంత్రం ఏడు గంటల నుంచి ఒక రోజు గడువు ఇవ్వండి. మొదటి 200 మందిలో 64 మంది 90 ప్యాకెట్లు కొన్నారు. తరువాతి 200 మందిలో 50 మంది 70 కొన్నారు. మూడో విడత 250 మందిలో 45 మంది 60, నాలుగో విడత 250 మందిలో 35 మంది 45 కొన్నారు. మొత్తం 194 మంది, 265 ప్యాకెట్లు. వరుసలో వెనక్కి వెళ్లే కొద్దీ కొనేవారి పాలు తగ్గడాన్ని గమనించండి. ముందు చేరిన వారు తమంతట తాము వెతుక్కుని వచ్చారు, చివర చేరిన వారిలో చాలామంది ఎవరో పంపిన లింకు నొక్కి వచ్చారు. అందుకే మొదటి విడత చూసి "మూడో వంతు మంది కొంటున్నారు" అని మొత్తం జాబితాకు అదే లెక్క కట్టడం పొరపాటు.

ఇంకో సంగతి కూడా ఈ ఉదాహరణలో చూడవచ్చు. కొన్న 194 మందిలో 160 మంది నాలుగో వారం అంకె రాసి పంపినవారే. అంటే అంకె పంపిన 310 మందిలో సగానికి పైగా కొన్నారు, పంపని 590 మందిలో 34 మందే కొన్నారు. వచ్చే సీజనులో మీ జాబితా బలం తెలుసుకోవాలంటే పేర్లను కాకుండా అంకె పంపిన వారిని లెక్కపెట్టండి.

విడతల వల్ల మరో లాభం ఉంది. రోజుకు అరవై చిల్లర పార్సిళ్లను ఇద్దరు మనుషులు కట్టగలరు, ఒకే రాత్రి వచ్చిన రెండు వందల ఆర్డర్లలో చిరునామాలు తారుమారవుతాయి.

అందరినీ తొందరపెట్టడానికి "ఇంకా పదే మిగిలాయి" అని రాయవచ్చా?

నిజంగా పదే ఉంటే రాయండి. లేని కొరతను ఉన్నట్టు చూపించడాన్ని 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ విడుదల చేసిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు తప్పుడు తొందర పెట్టడం కింద చేర్చాయి. పైగా మీ జాబితాలో సగం మంది ఒకరికొకరు తెలిసినవారే. నిన్న పది అన్నది ఇవాళ పాతిక ఎలా అయిందో పెళ్లిలో ఎదురుపడి అడుగుతారు.

అమ్మకం తేదీ వాయిదా పడితే ఏమి చేయాలి?

కల్లంలో కాయలు ఉండగా అకాల వర్షం పడిందనుకోండి. తడిసిన మిర్చిని తొందరపడి పట్టిస్తే బూజు పట్టే ప్రమాదం, దానితోపాటు అఫ్లటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉన్నాయి. కాబట్టి వాయిదా వేయడం తప్ప దారి లేదు. వాన పడిన రోజే, టార్పాలిన్ కప్పిన కుప్ప ఫొటోతో సహా, ఉన్న విషయం చెప్పండి. కొత్త తేదీని మాత్రం వెంటనే ప్రకటించకండి. కాయలు పూర్తిగా ఎండి, కారం పట్టించి, మీ చేతికి వచ్చాకే చెప్పండి. ఒకసారి తేదీ మారితే జనం అర్థం చేసుకుంటారు. రెండోసారి మారితే మూడో తేదీని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ మధ్య వ్యవధిలో వారానికి ఒక చిన్న సందేశం సరిపోతుంది, అందులో "పేరు తీసేయమంటే చెప్పండి" అన్న వాక్యం తప్పక ఉండాలి.

పేరుతోపాటు కొంత డబ్బు తీసుకుంటే జాబితా గట్టిపడుతుంది కదా?

గట్టిపడుతుంది, చిన్నదీ అవుతుంది. సరుకు ఇంకా చెట్టు మీద ఉండగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే వాన పడినా తామర పురుగు తగిలినా ప్రతి ఒక్కరికీ తిరిగి చెల్లించే పని మీ మీద పడుతుంది. కారం పట్టించాక, అమ్మకానికి ముందు వారంలో, యాభై రూపాయలు తీసుకుని ధరలో మినహాయించడం సబబు. తిరిగి ఇచ్చే గడువును అదే సందేశంలో తేదీతో సహా రాయండి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు రాకముందే జాబితా తెరవవచ్చా?

పేర్లు తీసుకోవచ్చు, అమ్మకూడదు. నమోదు సంఖ్య ప్యాకెట్టుపై ముద్రించాలి కాబట్టి, అది చేతికి వచ్చేదాకా ప్యాకెట్ల ముద్రణకు ఆర్డరు ఇవ్వకండి, అమ్మకం తేదీని కూడా ప్రకటించకండి.

జాబితా అయిపోయాక మిగిలిన ప్యాకెట్లు, కొనని వారి పేర్లు ఏమి చేయాలి?

మన ఉదాహరణలో 215 ప్యాకెట్లు మిగిలాయి. అయిదో రోజు అందరికీ అమ్మకం తెరవండి, అయితే ఫారంలో తొక్కు కోసమని రాసిన వారి లెక్క చూసి వారికి సరిపడా పక్కన ఉంచండి. ఆ ప్యాకెట్లను వెలుతురు తగలని చల్లని గదిలో, గాలి చొరబడకుండా మూసి ఉంచాలి. మామిడికాయలు మార్కెట్టుకు రాగానే ఆ కొందరికే మరో సందేశం పంపండి. ఆ తరువాత కూడా కొనని, జవాబివ్వని వారికి "వచ్చే ఏడు చెప్పమంటారా?" అని ఒక్కసారి అడిగి, వారం రోజుల్లో జవాబు రాని నంబర్లను జాబితా నుంచి తొలగించండి.